సగం గ్లాసు కాపీ

మా చెల్లెలు పోయిందని ఫోను వచ్చినప్పుడు నేను కల్లంలో శెనక్కాయలు ఆరబోస్తున్నాను. ధర్మవరం నుంచి దాని కొడుకు చేశాడు. "పెద్దమ్మా, అమ్మ పోయింది. గుండెనొప్పి. ఆస్పత్రి దంకా గూడా పోలేకపోతిమి" అన్నాడు. నేను నమ్మలేదు. దేన్నయినా చెప్పిన వెంటనే నమ్మే అలవాటు నాకు చిన్నప్పటి నుంచీ లేదు. "ఫోను మీయమ్మకియ్యి, నేను మాట్లాడతా" అన్నాను. వాడు ఏడ్చాడు. ఆ ఏడుపు విన్నాక నమ్మాను.

నాకు చదువు రాదు. నేను చెబుతుంటే ఇది రాస్తున్నది మా చెల్లెలి మనవరాలు, డిగ్రీ చదివే పిల్ల. "నేను చెప్పింది చెప్పినట్టే రాయల్ల. మర్యాద కోసరం మార్చద్దు" అని ముందే చెప్పాను. "మాట నీదే పెద్దవ్వా, రాత మాత్రం పుస్తకాల రాతలో పెడతా" అంది. సరే అన్నాను. కానీ పేజీ నిండిన ప్రతిసారీ చదివించుకుని వింటున్నాను.

ధర్మవరంలో ఇప్పుడు నా మీద ఒక మాట నడుస్తోంది. అది మీరూ విని ఉండొచ్చు. చచ్చిపోయిన చెల్లెలి ముఖాన్ని ఈ నల్లది ఎవరికీ చూపించకుండా కప్పేసింది, బతికినన్నాళ్ళూ ఓర్వలేదు, చచ్చినాక కూడా ఓర్వలేదు అని. కప్పింది నేనే. ఆఖరి చూపుకు వచ్చిన ఆడవాళ్ళు కొంగు తీయమని అడిగితే తీయనివ్వలేదు. ఒకామె చెయ్యి పెడితే ఆ చేతిని తోసేశాను. ఎందుకు కప్పానో చెప్పాలంటే మా ఇంటి సంగతి మొదటి నుంచి చెప్పాలి.

మాది ధర్మవరంలో మగ్గం ఇల్లు. నాయన మగ్గం గుంతలో కాళ్ళు పెట్టుకుని పట్టుచీరలు నేసేవాడు. నేను పక్కన కూర్చుని పట్టుదారం కండెలు చుట్టేదాన్ని. ఇద్దరం ఆడపిల్లలం. నేను పెద్దదాన్ని, నాయన రంగు. చెల్లెలు అమ్మ రంగు. అమ్మకు ఒక మాట ఉండేది: "పెద్దది చేతికి, చిన్నది కంటికి." వచ్చినవాళ్ళందరికీ చెప్పేది. వాళ్ళు నవ్వేవాళ్ళు. అది పొగడ్తో తిట్టో తెలియక నేనూ నవ్వేదాన్ని.

ఇంట్లో పనులు కూడా రంగును బట్టే పంచుకున్నట్టు ఉండేవి. నీళ్ళకు, కట్టెలకు, శెనక్కాయ కూలికి పోవలసింది నేను. "అది ఎండకు పోతే కమిలిపోతాది. నువ్వింకేం నల్లబడతావులే, పో" అనేది అమ్మ. కోపంతో అనేది కాదు. చారులో ఉప్పు తగ్గిందన్నట్టు అనేది, అందుకే నాకు ఎదురుమాట దొరికేది కాదు. నేను ఎండకు పోయేదాన్ని, పోయి ఇంకా నల్లబడేదాన్ని. సాయంత్రం ఇద్దరినీ పక్కపక్కన నిలబెట్టి, "చూడు, అదెట్లుండాది, ఇదెట్లుండాది" అనేవాళ్ళు. తామే ఎండలో పెట్టి, వాడిపోయిందని తప్పు పట్టడం అన్నమాట.

ఆదివారం నలుగు. శనగపిండితో దానికి నిమిరినట్టు పెట్టేది అమ్మ. నాకు ముతక గుడ్డ తీసుకుని మోచేతులు, మెడ మండిపోయేలాగా రుద్దేది. లోపల ఇంకో పిల్ల ఉందనీ, ఈ పైది ఊడగొడితే అది బయటికొస్తుందనీ అమ్మకు ఆశ. నాకూ ఉండేది. రుద్దిన చోటును రోజూ వెలుగులోకి పోయి చూసుకునేదాన్ని.

చీర మగ్గం మీద నుంచి దిగితే శావుకారు చూడ్డానికి వచ్చేవాడు. నాయన ఆ చీర కుచ్చిళ్ళు పట్టి చెల్లెలి భుజం మీద వేసి, వాకిట్లో వెలుగుకు తిప్పి నిలబెట్టేవాడు. చిలకపచ్చ అయినా, కనకాంబరం రంగయినా దాని మీద ఎత్తి కనబడేది. ఆ చీరకు కండెలు చుట్టిన నన్ను అమ్మ లోపలికి పంపేది. "నువ్వు పక్కన నిలబడితే చీర మసకబడ్తాది." నేను తలుపు సందులోంచి చూసేదాన్ని. శావుకారు చీరను చూసేవాడు, తర్వాత చెల్లెలిని చూసేవాడు, తర్వాత మళ్ళీ చీరను. బేరం బాగా కుదిరిన రోజు నాయన దాని తల నిమిరేవాడు.

ఇప్పుడు కాపీ సంగతి. పిల్లలు కాపీ తాగితే నల్లబడతారని మా వీధిలో అందరి నమ్మకం. అందుకని పొద్దున్నే నాకు పాలు పోసేది అమ్మ. "దాని రంగుకేమీ కాదులే" అని చెల్లెలికి కాపీ. పక్కింటి ముసలామె చూసి, "పెద్దదానికి పాలు, చిన్నదానికి కాపీనా? పెద్దదంటేనే ప్రాణం మీకు" అనేది. ఆమెకేం తెలుసు. అవి పాలు కాదు, మందు. రోజూ పొద్దున్నే మందు తాగించి, సాయంత్రానికి నయమైందేమో అని నా ముఖం చూసేవాళ్ళు.

మా చెల్లెలు తన గ్లాసులో సగం తాగి, మిగతా సగం కొంగు... కాదు, అప్పటికి పావడా, ఆ పావడా చాటున దాచుకుని మగ్గం వెనకాలకు తెచ్చేది. "అక్కా, సగం నీకు. బిన్నా తాగు, అమ్మ చూస్తాది" అనేది. వాసనకు నా నోరు ఊరేది. నిజం. కానీ తాగలేదు. ఎందుకంటే కాపీ తాగితే నల్లబడతారు కదా. ఇది మొత్తం తాను తాగకుండా నాకెందుకు తెస్తోంది? నన్ను ఇంకా నల్లగా చేసి, పక్కన తాను ఇంకా ఎర్రగా కనబడాలని కాదా? అది వెనక్కి తిరగ్గానే మగ్గం గుంతలో పారబోసేదాన్ని. ఖాళీ గ్లాసు ఇచ్చేదాన్ని. మరుసటి రోజు మళ్ళీ తెచ్చేది. మళ్ళీ పారబోసేదాన్ని. గుంతలో చీమలు పడితే నాయన తిట్టుకునేవాడు.

నా పెళ్ళిచూపుల నాడు దాన్ని పక్కింట్లో పెట్టారు. ఇలాంటి ఇళ్ళల్లో అందరూ చేసే పనే ఇది. నల్లదాన్ని చూపించేటప్పుడు ఎర్రదాన్ని దాచాలి. చూపులు కూడా పొద్దు కుంకే వేళకు పెట్టారు, దీపం ఒకటే. నా ముఖానికి పౌడరు మెత్తారు, నల్ల కుండకు సున్నం కొట్టినట్టు. మడకశిర దిక్కు వాళ్ళు. సగం కన్నడం, సగం తెలుగు. పిల్లవాని తల్లి నా చెయ్యి ముద్దుగా పట్టుకుంది అనుకున్నాను. బొటనవేలు తడిచేసుకుని మణికట్టు మీద రుద్దింది, రంగు ఊడొస్తుందేమోనని. ఆ తడి ఇప్పటికీ నా మణికట్టు మీద ఉన్నట్టే ఉంటుంది.

అంతలో వెనక వాకిలి నుంచి మా చెల్లెలు లోపలికి వచ్చింది.

"ఈ పాప యారు, ఎవురు?" అని అడిగింది పిల్లవాని తల్లి. మా నాయన తల వంచుకున్నాడు. మరుసటి రోజు కబురొచ్చింది, చిన్నపిల్లనైతే చేసుకుంటామని. పెద్దది ఉండగా చిన్నదాన్ని ఇవ్వను అని నాయన తిప్పి పంపాడు. నేను చెల్లెలిని జుట్టు పట్టుకుని అడిగాను.

"ఎందుకొచ్చినావే?"

"కాపీ వాసనొచ్చిందక్కా" అంది.

"కాపీ వాసనకు వస్తారా ఎవురన్నా?"

"వచ్చినా అక్కా. ఒట్టు."

నేను నమ్మలేదు. ఇప్పుడూ సగమే నమ్ముతున్నాను. అది చచ్చిపోయింది కదా అని మిగతా సగం నమ్మేస్తే అది నా మాట కాకుండా పోతుంది.

తర్వాత నన్ను కళ్యాణదుర్గం దిక్కున మెట్ట సేద్యం చేసేవానికి ఇచ్చారు. ఆయన నన్ను కలుపు తీస్తుంటే చూశాడు, ఎండలో. ఆయన మంచివాడే. ఒకసారి తిరునాళ్ళకు బయలుదేరుతుంటే, "ఈ పొద్దు బాగుండావే" అన్నాడు. నా ఒంటి మీది బంగారం ఏమన్నా కుదువ పెట్టాలనుకుంటున్నాడేమో అని నాలుగు దినాలు మాట్లాడలేదు. పాపం, ఆయన మళ్ళీ ఎప్పుడూ అనలేదు. నా కాన్పులకు మంత్రసాని బిడ్డను ఎత్తగానే, ఆడా మగా అని కాదు, "రంగేంది?" అని నా నోరే అడిగింది. నా పిల్లల్లో ఏ ఒక్కరినీ అందంగా ఉన్నావని అనలేదు. ఒకరిని అంటే ఇంకొకరిని అనకపోయినట్టు కదా, అందుకని ఇద్దరినీ అనలేదు. దాంతో ఇద్దరూ ఆకలిగానే పెరిగారు. ఫొటో తీస్తామంటే నేను వెనక్కి పోయి పొడుగు మనుషుల మధ్య నిలబడతాను. మా ఇంట్లో అద్దం మగవాళ్ళు గడ్డం గీసుకునే అద్దం ఒక్కటే.

అమ్మ చివరి దినాల్లో చూపు పోయింది. ఊరి నుంచి వచ్చి అన్నం కలిపి పెట్టింది నేను. ముద్ద నోట్లో పెడితే నా చెయ్యి తడిమి, "ఎర్రదానా, నువ్వేనా?" అంది. ఊఁ అన్నాను.

చెల్లెలిని ఊళ్ళోనే గుడ్డల వ్యాపారం చేసే ఇంటికి ఇచ్చారు. ఏడాదికి ఒక చీర నాకు తప్పకుండా ఇచ్చేది. లేత రంగు ఇస్తే, నా నలుపు ఎత్తి చూపడానికి ఇచ్చిందనుకునేదాన్ని. ముదురు రంగు ఇస్తే, నీకిదే తగింది అని చెప్పడానికి అనుకునేదాన్ని. ఒక్కటీ కట్టలేదు. అన్నీ ట్రంకు పెట్టెలో, మడత విప్పకుండా. ఇంటికి పోతే మొదట అడిగేది ఒకటే: "అక్కా, కాపీ తాగుతావా?" నేను వద్దనేదాన్ని. అయినా పెట్టేది. నా ముందర గ్లాసు పెట్టి, "తాగక్కా, చల్లారిపోతాది" అనేది. మీగడ కట్టే దాకా అది అట్లానే ఉండేది.

మా ఇంటికి అది రావడం తక్కువ. వస్తే తెల్లవారకముందు వచ్చేది, లేకపోతే దీపాలు పెట్టాక. గొడుగు, కళ్ళ దాకా కొంగు. పగలంతా చీకటి గదిలో కూర్చునేది. మా కల్లం దాకా ఎప్పుడూ రాలేదు. ఆ చీకటి గదిలో కూడా ముఖానికి పౌడరు. ఈమెకు మా ఇంటి ఎండ కూడా పనికిరాదు అనుకునేదాన్ని. ఒకసారి నేను వాళ్ళింటికి పోయినప్పుడు ముఖం మీదే అన్నాను, "నీ రంగు నేనేమీ ఎత్తుకపోనులేమ్మే" అని. అది నవ్వింది. నవ్వి, "నీది పక్కా రంగక్కా. ఉతికినా పోదు. నాదే, కాపాడుకోకపోతే పోయే రంగు" అంది. మగ్గం ఇంట్లో పుట్టినవాళ్ళం కదా, రంగు నిలవడం, పోవడం మాకు తెలిసిన మాటలే. నన్ను ఎగతాళి చేసిందనుకున్నాను. లేచి, బస్సుకు వేళయిందని వచ్చేశాను.

దాన్ని నేను ప్రాణంతో చివరిసారి చూసింది అప్పుడే.

ఆడమనిషి చచ్చిపోతే పుట్టింటి చీర కప్పాలి. మా పుట్టింట్లో మిగిలింది నేనొక్కతినే. కొట్టుకు పోయి కొనేంత వేళ లేదు. ట్రంకు పెట్టె తీసి చేతికందింది లాగాను. చిలకపచ్చ, ఎర్ర అంచు. అది నాకు ఇచ్చిందే.

నేను పోయేటప్పటికే జనం ఉన్నారు. వాకిట్లో ఎవరో, "వాళ్ళక్క వచ్చినాది. ఇద్దరూ ఒక కడుపున పుట్టినారంటే నమ్మలేము గదప్పా" అన్నారు. శవం ఇంట్లో ఉండగా కూడా ఆ మాట ఆగలేదు. స్నానం చేయించడానికి చాటు కట్టారు. కోడలు వేడినీళ్ళకు పోయింది. నేను తడిగుడ్డతో ముఖం తుడిచాను.

పౌడరు ఊడి గుడ్డకు వచ్చింది. దాని కింద మా చెల్లెలు కాదు. బుగ్గల మీద కాలిన మచ్చల్లాగా నలుపు. ముక్కు పక్కన ఎర్రటి సన్నని నరాలు, తమలపాకు ఈనెల్లాగా బయటికే కనబడుతున్నాయి. గడ్డం కింద మగవాళ్ళకు మొలిచినట్టు నూగు. తోలు ఎంత పలచబడిందంటే, నా ముతక చేతికి అది చినిగిపోతుందేమో అనిపించింది. తర్వాత దాని మంచం మీద దిండు కింద గొట్టం ఒకటి దొరికింది, పిండి పిండి తోక దాకా చుట్టేసింది. తెల్లబడ్డానికని మందుల షాపులో డాక్టరు చీటీ లేకుండా ఇచ్చే క్రీము.

ఆ ముఖం పట్టుకుని నేను కూర్చుండిపోయాను. అది నాకు ఎందుకు చెప్పలేదు? చెబితే నేను సంతోషపడతాననుకుందా? పడి ఉందునేమో. మనిషన్నాక ఆ అనుమానం నా మీద నాకూ ఉంది.

బయట ఆడవాళ్ళు, "చచ్చిపోయినా ఎంత కళగా ఉంటాదో సూడల్ల" అని చాటు దగ్గరికి వస్తున్నారు. జీవితమంతా ఆ ఒక్క మాట కోసం గొడుగు కింద, కొంగు కింద, పౌడరు కింద బతికిన మనిషి. నేను చిలకపచ్చ చీర విప్పి, నాయన వేసినట్టే కుచ్చిళ్ళు పట్టి భుజం మీద వేసి, కొంగు ముఖం మీదికి లాగాను. కొడుక్కు ఒక్కడికే ఎత్తి చూపించాను. మిగతావాళ్ళు అడిగితే, "మా చెల్లెలికి ఎండ పడదు" అన్నాను. వాళ్ళు నవ్వుకున్నారు. నవ్వుకోనీ. నా మీదికి వచ్చిన మాట ఆమె మీదికి పోకుండా పోయింది కదా అని ఊరుకున్నాను.

ఊరుకునేదాన్నే. ఇది రాస్తున్న ఈ పిల్ల లేకపోతే.

పదకొండో రోజు ఈ పిల్లను వెలుతురులో చూశాను. ఇది నా రంగు. దీని చెల్లెలు వాళ్ళవ్వ రంగు. కోడలు వచ్చినవాళ్ళకు చెబుతోంది, "చిన్నది అచ్చం మాయత్త. పెద్దదేమో ఆ పెద్దవ్వ పోలిక పడిపాయ" అని. పెద్దది వడ్డిస్తూ వింటోంది. దాని ముఖం గాజులాగా మెరుస్తోంది, బుగ్గలు మాత్రం చింతనిప్పులు. నాకు అనుమానం వచ్చింది. గడ్డం పట్టుకుని ఎత్తాను.

"ఏం పూస్తాండావే?"

"ఏమీ లేదు పెద్దవ్వా."

"నా కాడ అబద్దాలు చెల్లవు. మీయవ్వ ఇచ్చినాదా?"

"లే. అవ్వ పూసుకునేది చూసి నేనే కొనుక్కున్నా. అవ్వకు తెలిసి తిట్టింది, లాక్కునింది. మళ్ళా కొన్నా." కళ్ళు తుడుచుకుంది. "మొదుట్లో తెల్లగా అయితి పెద్దవ్వా. మానుదామంటే మంట లేస్తాది, ముందుకన్నా నల్లబడ్తా. అందుకే మళ్ళా పూస్తాండా."

అనంతపురంలో చర్మం డాక్టరమ్మ దగ్గరికి నేనే తీసుకుపోయాను. ఈ క్రీములో ఉండేది ఘాటు మందనీ, జబ్బుకు కొద్ది దినాలే వాడాల్సిందనీ, తెల్లబడ్డానికి ఏళ్ళ తరబడి పూస్తే తోలు కరిగినట్టు పలచబడుతుందనీ, అప్పుడు ఎండ నిప్పులాగా తగులుతుందనీ చెప్పింది. ఒక్కసారిగా మానొద్దు, నేను చెప్పినట్టు తగ్గించుకుంటూ రావాలి అంది. అంటే మా చెల్లెలు మా కల్లానికి రానిది గర్వంతో కాదు. పోనీ, కొంత గర్వం కూడా ఉండొచ్చు. కానీ ఎండ కూడా నిజమే.

ఇక్కడికి వచ్చేసరికి ఈ పిల్ల పెన్ను ఆపింది. "నా సంగతి గూడా రాయల్లనా?" అంది. "రాయల్ల. నీ పేరు వద్దు. నీ ముఖం రాయి" అన్నాను. దాని తండ్రిని కూడా అడిగాను, మీయమ్మ ముఖం సంగతి నలుగురికీ చెబుతానని. "నీ ఇష్టం పెద్దమ్మా" అన్నాడు, తల వంచుకుని. మనసారా ఒప్పుకున్నాడో లేదో నాకు అనుమానమే. ఆ కొంగు కప్పింది నేనే, తీస్తున్నదీ నేనే. చచ్చినదాని పరువు కన్నా బతికినదాని తోలు ముఖ్యం. మా చెల్లెలికి కోపం వస్తే, నేను పోయినాక అక్కడ జుట్టు పట్టుకోనీ.

సెలవులని ఈ పిల్ల ఇప్పుడు మా ఇంట్లోనే ఉంది. ముఖం పొట్టు లేస్తోంది, మంట తగ్గింది. నిన్న ఇదే వాకిట్లో నన్ను అడిగింది, "పెద్దవ్వా, నువ్వు కాపీ ఎందుకు తాగవు?" అని. అలవాటు లేదన్నాను.

"మాయమ్మ గూడా నాకు ఇయ్యదు. నల్లబడ్తానని. అవ్వ ఇస్తాండె, అమ్మకు తెలీకుండా. తన గ్లాసులో సగం."

నా చేతిలో చేట ఆగింది. "మీ చెల్లెలికి?"

"లే. నాకే."

"ఏమని ఇస్తాండె?"

"'మా అక్కకిస్తే పారబోస్తాండె, నువ్వన్నా తాగు' అంటాండె."

నేను చాలాసేపు శెనక్కాయలు చెరిగాను. చెరగడానికి చేటలో ఏమీ మిగలకపోయినా చెరిగాను. తర్వాత అడిగాను, "నువ్వు కల్పించి చెప్తాండావా?" అని. ఒట్టు అంది. ఆ ఒట్టు అన్న గొంతు నాకు తెలిసిన గొంతే.

నేను పారబోస్తున్నానని మా చెల్లెలికి తెలుసు. ఖాళీ గ్లాసు తీసుకుని పోయిన ప్రతిరోజూ తెలుసు. మరి నల్లబడాలనే తెచ్చిందా, నాకు నోరు ఊరుతుందని తెచ్చిందా? అడగడానికి లేకుండా పోయింది. పారబోస్తారని తెలిసీ తమ గ్లాసులోంచి సగం రోజూ తెచ్చేవాళ్ళు ఎందుకు తెస్తారో, చదువుకున్న మీరు ఆలోచించండి. నాకు తెలిసింది ఒకటే. మమ్మల్ని పక్కపక్కన నిలబెట్టి చూసిన కళ్ళు మా ఇద్దరినీ తినేశాయి. దాన్ని చీకట్లో కూర్చోబెట్టి, నన్ను ఎండలో నిలబెట్టి.

రాసింది మొత్తం ఈ పిల్ల ఇప్పుడే చదివి వినిపించింది. ఒకటి రెండు చోట్ల మర్యాద చేసింది, సరిచేయించాను. చదవడం అయ్యాక లోపలికి పోయి కాపీ పెట్టుకొచ్చింది, ఒక్కటే గ్లాసు. సగం తాగింది. మిగతా సగం నా ముందర అరుగు మీద పెట్టి, "చల్లారిపోతాది పెద్దవ్వా" అంటూ ఆరబోసిన కాయల దగ్గరికి, ఎండలోకి పోయింది, కొంగు లేకుండా, గొడుగు లేకుండా, ఎండకని డాక్టరమ్మ చెప్పిన మందు మాత్రం రాసుకుని.

గ్లాసు చేతిలోకి తీసుకున్నాను. ఇంకా వేడిగానే ఉంది. వాసనకు నోరు ఊరింది. అలవాటుగా అటూ ఇటూ చూశాను. ఈ ఇంట్లో మగ్గం గుంత లేదు.